"రాత్రి సెకండ్ షోకి పోయాను" అని చీటీ రాసిన గుమాస్తా: ఈ కథ ముగింపు నమ్మేలా ఉందా?

పెన్నా_ఒడ్డు

కథ ఒకటి రాశాను. ముగింపు చదివి మా ఆవిడ "ఏ ఆఫీసరూ అట్లా చేయడు" అంటోంది. నాకేమో కథకి ప్రాణం అక్కడే ఉందనిపిస్తోంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మొత్తం పెడితే పొడవైపోతుంది, అసలు భాగం ఇదీ.

1990ల మధ్య. కందుకూరులో ఒక గవర్నమెంటు ఆఫీసు. పెంచలయ్య కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు. కావలిలో కాపురం. పొద్దున ప్యాసింజర్ ఎక్కి సింగరాయకొండలో దిగి, అక్కణ్ణించి బస్సులో కందుకూరు వస్తాడు. అదే రైల్లో వచ్చేవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకో ముగ్గురున్నారు. ఆఫీసరు చండశాసనుడు. పదిన్నరకి ఆఫీసు, పది నలభైకల్లా అటెండరు హాజరు రిజిస్టరు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆయన గదిలోకి పోయి, ఎందుకు ఆలస్యమైందో చీటీ రాసిచ్చి, అప్పుడు సంతకం పెట్టాలి. ఆయన చీటీ చదవడు. గుండుసూదికి గుచ్చి సొరుగులో పడేస్తాడు. రిజిస్టర్లో ఎర్ర సిరాతో గుర్తు పెడతాడు. అన్నీ అబద్ధాలేనని ఆయన ముందే తేల్చుకున్నాడు.

ఒకరోజు ముగ్గురూ పదకొండుకి కొంచెం ముందు వచ్చారు. "రైలు లేటు" అని మూడు చీటీలు ఇచ్చి సీట్లలో కూర్చున్నారు. పెంచలయ్య వచ్చేసరికి పదకొండుంబావు దాటింది. అతని చీటీ ఇదీ:

"అయ్యా, ఈ రోజు రైలు టైముకే వచ్చింది. నేను రాత్రి సెకండ్ షోకి పోయి ఒంటిగంటన్నరకి పడుకున్నాను. రైల్లో నిద్రపట్టింది. సింగరాయకొండ దాటిపోయి టంగుటూరులో మెలకువ వచ్చింది. అక్కడ దిగి బస్సు పట్టుకుని వెనక్కి వచ్చాను. తప్పు నాదే."

చీటీ మామూలు కన్నా పొడుగ్గా ఉండేసరికి, గుచ్చబోతూ ఆఫీసరు ఆగాడు. చదివాడు. తలెత్తి చూశాడు.

"ఏ సినిమా?"

పెంచలయ్య చెప్పాడు. ఆఫీసరు చీటీ చింపి బుట్టలో వేశాడు. ఎర్ర గుర్తు పెట్టలేదు. "పోయి పని చూసుకో" అన్నాడు. మర్నాటి నించి ఆయన మొహంలో కరుకుదనం పోయింది.

నా ప్రశ్న ఒక్కటే. ఇది నమ్మబుద్ధి అవుతోందా?

కావలి_కుర్రోడు

టంగుటూరు దాకా పోయాడంటే అదృష్టవంతుడే. మా బాబాయి ఒకసారి అట్లాగే పడుకుని ఒంగోల్లో లేచాడు. కథ బాగుంది అన్నా. "ఏ సినిమా?" దగ్గర నవ్వొచ్చింది, అది తీసెయ్యబాకు.

రాళ్ళపాడు_రైతుబిడ్డ

మూడు లేట్లకి ఒకరోజు జీతం కోస్తారు గదా. ఆ ఆఫీసరు గుర్తు పెట్టలేదంటే పెద్ద సాయం చేసినట్టే. జీతం మిగిల్చినోడి మీద ఏ గుమాస్తాకైనా అభిమానం పుడుతుంది. నాకు నమ్మబుద్ధి అయింది.

విశ్రాంత_సూపర్నెంటు

రైతుబిడ్డ గారు చెప్పిన దాంట్లో సగం నిజం. మూడు లేట్లకి పోయేది జీతం కాదు, ఒక క్యాజువల్ లీవు. ఏడాదికి పదిహేను సీఎల్స్ ఉంటాయి, మూడు ఎర్ర గుర్తులు పడితే అందులోంచి ఒకటి తగ్గిస్తారు. సీఎల్స్ అన్నీ అయిపోయిన తర్వాత కూడా ఆలస్యాలు ఆగకపోతే అప్పుడు సంజాయిషీ, మెమో, ఇతర సెలవు అనే గొడవ మొదలవుతుంది.

పెన్నా_ఒడ్డు గారూ, మీ కథకి ఇది చాలా ముఖ్యం. ఒక్క గుర్తు ఎత్తేస్తే పెంచలయ్యకి మిగిలేది సీఎల్‌లో మూడోవంతు. మీరు దాన్ని వరంలాగా రాశారు. ఆఫీసు తెలిసినవాడికి అక్కడే కథ పల్చబడిపోతుంది.

రెండో సంగతి, చీటీ చింపడం. రాసిచ్చిన కాగితం ఆఫీసరు చేతికి చేరాక అది ఆఫీసు కాగితం. గడియారం చూసి రిజిస్టరు తెప్పించుకునే మనిషి దాన్ని చింపడు. ఎర్ర గుర్తు పెట్టకుండా కూడా వదలడు, ఎందుకంటే పదకొండుంబావుకి వచ్చింది నిజమే గదా. నిజం చెప్పినందుకు నిజాన్ని రిజిస్టర్లోంచి తీసేస్తారా? మీ ఆవిడ గారు అన్నది సరైన మాట. ఆయన చింపిన క్షణంలోనే మీరు మొదట్నించి చూపించిన ఆఫీసరు మాయమైపోయి, ఇంకెవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన అభిప్రాయం మారాలి, పద్ధతి మారకూడదు. గుర్తు పడాలి. మార్పు ఇంకోచోట కనపడాలి.

పెన్నా_ఒడ్డు

ఇంకోచోట అంటే ఎక్కడ సార్? ఆఫీసరికీ జూనియర్ అసిస్టెంటుకీ మధ్య రిజిస్టరు తప్ప ఇంకేముంటుంది?

విశ్రాంత_సూపర్నెంటు

ఫైలుంది గదయ్యా. గుమాస్తా రోజంతా చేసే పని నోటు రాయడమే. కింద సూపర్నెంటు ఇనీషియల్, దానికింద ఆఫీసరు సంతకం. ఒక ఆఫీసరు ఎవర్ని నమ్ముతాడో నోటు ఫైలు మీద పెన్ను ఎంతసేపు ఆగుతుందో చూసి చెప్పొచ్చు. కొందరి నోటు మీద "చర్చించండి" అని రాసి వెనక్కి పంపుతాడు. కొందరి నోటు మీద చివరి పేరా చదివి సంతకం పెట్టేస్తాడు.

ఒక ఉదాహరణ చెప్తా. పాత ఫైలు నకలు కావాలని ఒకామె అర్జీ పెట్టింది అనుకోండి. ఆర్.డిస్ ఫైలు, అంటే ఎప్పటికీ ఉంచాల్సింది. రికార్డు రూములో దొరకలేదు. గుమాస్తా "వెతికాను, లభ్యం కాలేదు" అని రాస్తాడు. మా రోజుల్లో ఆ ముక్క రాసినవాళ్ళలో చాలామంది రికార్డు రూము తాళం కూడా తీసుండరు. దుమ్ము, చెదలు, పాములు. అందుకే గట్టి ఆఫీసరు ఆ నోటుని నమ్మడు, సూపర్నెంటుని మళ్ళీ వెతకమంటాడు. ఇప్పుడు ఆ నోటు రాసింది పెంచలయ్య అయితే?

సచివాలయం_సోదరుడు

మాకూ ఇదే బాధ. ముఖ హాజరు యాప్ వచ్చిన కాడ్నించి మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు, గుడి అరుగు దాకా పోయి మొహం చూపించాలి. ఆఫీసులో కూర్చునే ఉన్నా లేటు పడుతోంది. దీనికి చీటీ ఎవరికి రాయాలి? ఎంపీడీఓ గారికా? ఫార్మాట్ ఉంటే పెట్టండి.

కావలి_కుర్రోడు

తమ్ముడూ, ఇది కథ. 1990ల నాటిది. అప్పుడు మొహం చూపించాల్సింది ఆఫీసరికే.

సచివాలయం_సోదరుడు

అయ్యో, నిజంగా ఎవరికో జరిగిందనుకున్నా. సరే అన్నా. కానీ ఒకటి, మా యాప్‌లో కారణం రాయడానికి జాగా ఇచ్చినా బాగుండేది. టైము ఒక్కటే చూస్తుంది అది.

ఒంగోలు_గిత్త

నేను అందరితో విభేదిస్తున్నా. ఈ కథ కుర్రాళ్ళకి తప్పు దారి చూపిస్తుంది. పెంచలయ్య కొత్తగా చేరాడన్నారు, అంటే ప్రొబేషన్‌లో ఉన్నాడు. మూడేళ్ళ లోపల రెండేళ్ళు డ్యూటీ సక్రమంగా చేశాడని పైవాళ్ళు ఒప్పుకుంటేనే ప్రొబేషన్ డిక్లేరు చేస్తారు. అట్లాంటోడు "రాత్రి సినిమాకి పోయి రైల్లో నిద్రపోయాను, తప్పు నాదే" అని సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టాడు. ఈ ఆఫీసరు మంచోడు. రేపు బదిలీ మీద వచ్చేవాడు ఎట్లాంటోడో ఎవరికి తెలుసు? ఆ చీటీ తీసి మెమోకి జత చేస్తే? యూనియన్లో ఉన్నప్పుడు మేము కొత్తవాళ్ళకి చెప్పేది ఒకటే మాట. నోటితో ఏమైనా చెప్పు, కాగితం మీద ఆచితూచి రాయి.

"అనివార్య కారణాల వల్ల ఆలస్యమైంది" అని రాస్తే అబద్ధమూ కాదు, ప్రమాదమూ లేదు.

విశ్రాంత_సూపర్నెంటు

గిత్త గారూ, మీ భయం నిజమైనదే, నేను కాదనను. కానీ ఆ భయం కథలో ఉంటేనే చీటీకి విలువ. పెంచలయ్య యాక్సిడెంటైన మనిషిని ఆస్పత్రికి తీసుకుపోయి ఉంటే అందరూ చప్పట్లు కొడతారు, అతనికి పోయేదేమీ ఉండదు. సెకండ్ షో అని రాశాడు కాబట్టే చెయ్యి వణికి ఉంటుంది. మీరు చెప్పిన ప్రొబేషన్ సంగతి కథలో ఒక్క వాక్యం పడాలి. పక్క సీటు సీనియర్ ఎవరైనా "ప్రొబేషన్‌లో ఉండావు, ఏంది ఈ రాత?" అని హెచ్చరిస్తే చాలు.

మాలకొండ_మల్లిక

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళందరూ పెంచలయ్య గురించే మాట్లాడారు. నాకు వేరే మనిషి గుర్తొస్తోంది. బస్సు నిజంగానే లేటైనవాళ్ళ సంగతేంటి?

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు పామూరు రోడ్డు మీద నించి కందుకూరు వచ్చేదాన్ని. మిగతా రోజుల్లో ఇబ్బంది లేదు. శనివారం మాత్రం నరకం. మాలకొండ నరసింహస్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ రోజు మా రూట్లో బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినా కాలు పెట్టే చోటుండదు. నేను చీటీ మీద "బస్సు లేటు" అనే రాసేదాన్ని. నిజం అదే కాబట్టి. పక్కన టీ తాగి వచ్చినాయన కూడా "బస్సు లేటు" అనే రాసేవాడు. పై అధికారి కళ్ళకి రెండు చీటీలూ ఒకటే. "ఏమ్మా, నీకు ఎప్పుడూ ఇదే కారణమా?" అని అందరి ముందూ అన్నారొకసారి. ఏం చెప్పాలి? ఇంకో కారణం కల్పించి రాస్తే నమ్మేవారేమో.

మీ కథలో పెంచలయ్య చీటీ ఆఫీసరు చదివింది అది వింతగా ఉంది కాబట్టి. వింతగా లేని నిజాన్ని ఎవరు చదువుతారు? ఆఫీసరు అభిప్రాయం నిజంగా మారాలంటే పెంచలయ్య మీద కాదు, ఆ సొరుగులో ఉన్న చీటీల మీద మారాలి.

పెన్నా_ఒడ్డు

మల్లిక గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు చెప్పినట్టు చేస్తే కథ వేరే అవుతుంది, బహుశా అదే అసలు కథ. కానీ ఒక చిక్కుంది. అన్ని చీటీల మీదా ఒకే మాట ఉంటే, ఏది నిజమో ఆఫీసరికి ఎట్లా తెలుస్తుంది? పిలిచి అడిగితే అందరూ నిజమే అంటారు.

ఉలవపాడు_మామిడి

కొన్ని రోజులు ఎవరూ అడగనక్కర్లేదు. 2021 నవంబర్ వరదల్లో పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయినాయి, అటు హైవే కూడా తెగింది. ఆ వారం మా ఆఫీసులో నెల్లూరు నించి వచ్చేవాళ్ళని కారణం అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

ఇంకోటి. కథలో కందుకూరు అంటే నెల్లూరు జిల్లా అనుకునేరు. కథాకాలానికి అది ప్రకాశం జిల్లా. నెల్లూరులో కలిసింది 2022 ఏప్రిల్లో.

కావలి_కుర్రోడు

మామిడన్న వచ్చాడంటే జిల్లా సరిహద్దు రాయి మోసుకొస్తాడు.

డిపో_పెద్దాయన

ఎట్లా తెలుస్తుంది అన్నారు గదా, నేను చెప్తా. బస్టాండులో కంట్రోలరు ఊరకే మైకులో అరవడానికి కూర్చోడు. ఏ సర్వీసు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకుంటాడు. కండక్టరు దగ్గరా ట్రిప్పు లెక్క ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా బస్సు ఎప్పుడొచ్చిందయ్యా అని ఒక ఆఫీసరు అడిగితే తీసి చూపిస్తారు. రైలైతే స్టేషన్ మాస్టరు దగ్గర ఇంకా గట్టిగా ఉంటుంది, నిమిషాలతో సహా.

మల్లికమ్మ చెప్పింది అక్షరాలా నిజం. శనివారం జనం ఎటుంటే బస్సులు అటు వేయాల్సిందే. స్పెషళ్ళకి బళ్ళు తీసినప్పుడు మామూలు ట్రిప్పులు ఆలస్యం కావడం, ఒక్కోసారి ఎగిరిపోవడం మామూలే. ఆఫీసుకి పోయేవాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు, మేం ఎవర్ని తిట్టాలి?

విశ్రాంత_సూపర్నెంటు

అద్భుతం. కంట్రోలరు దాకా కూడా పోనక్కర్లేదు. ఆ చీటీలు సూదిలోంచి తీసి తేదీల వారీగా పేరిస్తే చాలు. ఆమె చీటీలన్నీ శనివారాలే అవుతాయి. అప్పట్లో రెండో శనివారమే సెలవు, మిగతా శనివారాలు ఆఫీసు ఉండేది. క్యాలెండరు పక్కన పెట్టుకుంటే ఆయనకే అర్థమైపోతుంది. అబద్ధాలాడేవాడికి వారం, వర్జ్యం ఉండవు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి పడతాయి. నిజానికి ఒక క్రమం ఉంటుంది.

గట్టి ఆఫీసర్లకి ఇట్లా కూర్చుని సరిచూడటం స్వభావం. అది ఆయన పాత్రకి అతుకుతుంది. చింపడం అతకదు.

ఒంగోలు_గిత్త

అతుకుతుంది సరే. ఇంకో ముగ్గురి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. "ఈ రోజు రైలు టైముకే వచ్చింది" అని రాసి పెంచలయ్య తోటివాళ్ళని ముంచాడు. తన నిద్ర సంగతి తను రాసుకోవచ్చు. రైలు టైముకి వచ్చిందని రాయమని ఎవరడిగారు?

విశ్రాంత_సూపర్నెంటు

ఇది మాత్రం నాకూ గుచ్చుకుంటోంది. సంజాయిషీ ఎప్పుడూ తన గురించే ఉండాలి. ఆ మొదటి వాక్యం తీసేస్తే చీటీకి ఏ నష్టమూ లేదు. టంగుటూరులో దిగానంటేనే రైలు నడిచిందని తెలుస్తోంది. నా సలహా, కొట్టేయండి.

మాలకొండ_మల్లిక

తీయొద్దు. అతను వాళ్ళ మీద చాడీ చెప్పలేదు. వాళ్ళేం రాశారో అతనికి తెలీదు గదా, వాళ్ళు తన కంటే ముందు వచ్చి చీటీలు ఇచ్చేశారు. ఆలస్యమైన ప్రతివాడూ రైలు మీదికే నెడతాడు కాబట్టి, అతను ముందుగా రైలు తప్పు లేదని చెప్పాడు. నిజం రాసేటప్పుడు పక్కవాడు ఏం రాసుంటాడో లెక్క వేసుకుని రాస్తే అది ఇంకేదో అవుతుంది.

రాళ్ళపాడు_రైతుబిడ్డ

ఆ ముగ్గురూ ఎందుకు ఆలస్యమయ్యారో కథలో లేదు. అది చెప్పకుండా వాళ్ళు దొంగలని తేల్చడం ఎట్లా?

పెన్నా_ఒడ్డు

సింగరాయకొండ బస్టాండులో టిఫిన్ చేసి, ఒక బస్సు వదిలేసి తర్వాతి బస్సెక్కారు. మొదటి డ్రాఫ్టులో ఉంది, ఇక్కడ పెట్టలేదు.

మీరంతా చెప్పిన తర్వాత చివరి భాగం మళ్ళీ రాశాను. "ఏ సినిమా?" దాకా పాతదే. ఆ తర్వాత ఇట్లా:

పెంచలయ్య సినిమా పేరు చెప్పాడు. ఆఫీసరు రిజిస్టరు ముందుకు జరిపాడు. పెంచలయ్య సంతకం పెట్టాడు. పక్కన "11.20" అని వేసి ఆయన ఎర్ర గుర్తు పెట్టాడు. చీటీ మాత్రం సూదికి గుచ్చలేదు, అద్దం కింద పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అందరూ పోయాక ఆయన సొరుగు లాగాడు. సూది నిండా చీటీలు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు, మనిషికో వరస. "రైలు లేటు" చీటీలు మూడు దస్తూరీల్లో ఉన్నాయి, కామా కూడా మారకుండా. అవన్నీ కలగాపులగం తేదీలు. చివరి వరస టైపిస్టు కమలమ్మది. అన్నీ "బస్సు లేటు". మొదటి తేదీ చూశాడు, రెండోది చూశాడు. గోడకున్న క్యాలెండరు దగ్గరికి పోయి వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. అన్నీ శనివారాలే.

వచ్చే శనివారం పదిగంటలకి ఆయన బస్టాండులో నిలబడ్డాడు. పామూరు బస్సు పది యాభైకి వచ్చింది. డోరు దగ్గర వేలాడుతున్నవాళ్ళు ముందు దిగారు. ఆ వెనక నలిగిన చీరతో, టిఫిన్ క్యారేజీ గుండెకి అదుముకుని కమలమ్మ దిగింది. ఆయన్ని చూసి ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "చీటీ రాయనక్కర్లేదమ్మా, నేను చూశాను" అన్నాడాయన.

కొన్నాళ్ళకి ఒక పాత ఫైలు నకలు అర్జీ పెంచలయ్య సీటుకొచ్చింది. అతను పెట్టిన నోటు: "రికార్డు రూములో రెండు పూటలు వెతికాను. 1968 కట్టలు మొత్తం విప్పి చూశాను, లేదు. 1969 కట్ట ఒకటి చెదలు పట్టి ఉంది, విప్పితే పొడి అయిపోతుందని విప్పలేదు. ఆ కట్ట తప్ప మిగతావి చూశాను." ఆఫీసరు ఆ నోటు చివరిదాకా చదివాడు. సూపర్నెంటుని పిలవలేదు. "1969 కట్ట నా సమక్షంలో విప్పాలి" అని రాసి సంతకం పెట్టాడు.

కావలి_కుర్రోడు

కమలమ్మ దిగే చోట ఆగిపోయాను అన్నా. ఇప్పుడు ఇది పెద్ద కథ అయింది.

విశ్రాంత_సూపర్నెంటు

నోటు బాగా పట్టారు. "వెతికాను, లభ్యం కాలేదు" అనే బదులు ఏది చూశాడో, ఏది చూడలేదో రాశాడు. ఆఫీసరికి పనికొచ్చేది ఆ రెండో ముక్కే. అర్జీదారుకి "లభ్యం కాలేదు" అని ఎండార్స్‌మెంటు పోయిందంటే ఆమె దావా అక్కడితో ఆగిపోవచ్చు. ఒక కట్ట మిగిలి ఉందని గుమాస్తా ఒప్పుకున్నాడు కాబట్టే ఆమెకింకా దారి ఉంది. టంగుటూరు చీటీ రాసిన చెయ్యే ఈ నోటు రాసిందని చదివేవాడికి మీరు చెప్పకుండానే తెలుస్తోంది.

ఒక చిన్న సవరణ. శనివారం సంగతి చూశాక కమలమ్మకి ఎర్ర గుర్తు పడిందా లేదా అన్నది రాయలేదు మీరు. పడాలి. కారణం సబబుగా ఉందని ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకుంది, కానీ మన్నించినట్టు రాసి ఇనీషియల్ చేయాలి. ఊరకే వదిలేస్తే రేపు ఆడిట్లో అడుగుతారు.

మాలకొండ_మల్లిక

సార్, ఆడిట్ సంగతి అటుంచండి. "నేను చూశాను" అన్న మాట దగ్గర ఇంకేమీ రాయొద్దు. ఆ మాట నాకు ఎవరైనా అని ఉంటే బాగుండేది.

కానీ ఒక్కటి అడుగుతా. ఆమె పాత చీటీలకి పోయిన సీఎల్స్ ఏమయ్యాయి? తిరిగి ఇచ్చాడా? ఆయన అభిప్రాయం మారింది, ఆమె సెలవులు మాత్రం పోయినవి పోయినట్టేనా?

పెన్నా_ఒడ్డు

అది నేను ఆలోచించలేదమ్మా. ఇవ్వగలడా సూపర్నెంటు గారూ?

విశ్రాంత_సూపర్నెంటు

అదే ఏడాదిలో అయితే, కారణం రాసి సీఎల్ ఖాతాలో సవరించుకోవచ్చు. డిసెంబరు దాటితే సీఎల్ ఎటూ చెల్లిపోతుంది, తర్వాతి ఏడాదికి రాదు. కథ ఏ నెలలో జరిగిందో దాన్ని బట్టి ఉంటుంది.

ఒంగోలు_గిత్త

అయితే డిసెంబరు ఆఖరివారంలో పెట్టండి. ఆయన చూసేసరికి ఆలస్యమైపోవాలి. స్ట్రిక్ట్ ఆఫీసరు చీటీలు చదవకపోవడం వల్ల ఒక ఆడమనిషికి పోయినవి తిరిగి రావని ఆయనకే తెలియాలి. చీటీ రాయమని ఆర్డరు వేసినవాడు చదవాల్సిన బాధ్యత కూడా తీసుకోవాలి గదా. ఈ మాట మీద నేను మీ అందరితో కలుస్తా. పెంచలయ్య అట్లా రాయకుండా ఉండాల్సిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

డిపో_పెద్దాయన

డిసెంబరు అయితే ఇంకో లాభం. వానలుంటాయి, బస్సులు ఇంకా ఆలస్యం. కానీ శనివారం లెక్క చెడిపోతుంది, మిగతా రోజులూ లేటవుతాయి. చూసుకుని పెట్టండి బాబూ.

ఉలవపాడు_మామిడి

వాన కొంచెం తగ్గించి రాస్తే సరిపోతుంది. కథ మీదే గదా.

రాళ్ళపాడు_రైతుబిడ్డ

నాకొక డౌటు. మర్నాడు పొద్దున పెంచలయ్య అదే ప్యాసింజర్ ఎక్కాలి. ఆ ముగ్గురూ అదే పెట్టెలో ఉంటారు. కావలి నించి సింగరాయకొండ దాకా ఏం మాట్లాడుకుంటారు?

మాలకొండ_మల్లిక

ఆ సీను కావాలి. నిజం రాయడం తేలికే, మర్నాడు అదే రైలెక్కడం కష్టం.

విశ్రాంత_సూపర్నెంటు

వాళ్ళకి ఆఫీసరు మెమో ఇచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి ఆ సీను మారిపోతుంది. నా అనుభవంలో ఆయన ఇవ్వడు. మర్నాటి నించి ఆ ముగ్గురి చీటీలు చదవడం మొదలుపెడతాడు, అంతే. చదువుతున్నాడని తెలిసిన రోజు నించి "రైలు లేటు" తగ్గుతుంది.

పెన్నా_ఒడ్డు

మెమో ఇవ్వలేదనే రాస్తాను. రైలు సీను మొదలుపెట్టాను. ముగ్గురిలో పెద్దాయన కిటికీ పక్క సీటు చూపించి "రా కూర్చో, సింగరాయకొండ వస్తే లేపుతాంలే" అంటాడు. అది ప్రేమతో అన్నాడా, ఎత్తిపొడుపా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

కావలి_కుర్రోడు

తేల్చబాకు. పెంచలయ్యకి కూడా తెలీకూడదు.